మళ్ళీగారి ప్రశ్న

మళ్ళీగారు చివరిసారిగా చేసిన మామూలు పని క్లినిక్ ఫోనును బోర్లించి పెట్టడం. రోజూ సాయంత్రం చేసేదే. ఛార్జర్ తీగ తగిలించి, తెర కిందికి వచ్చేలా తిప్పి, దాని మీద తన చేతిరుమాలు మడత విప్పకుండానే కప్పింది. రెండు టీ గ్లాసులు కడిగి కిటికీ గట్టు మీద బోర్లించింది. సంచీ భుజానికి తగిలించుకుని గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి, ఫోను సరిగ్గా బోర్లించిందో లేదో చేత్తో తడిమి చూసుకుంది.

"కప్పేశావు కదక్కా, దానికేం చలి వేయదులే," అంది పక్క కుర్చీలోంచి నర్సు.

"చలికి కాదే తల్లీ. రాత్రి గది ఊడ్చేవాళ్ళు వస్తారు. ఎవరికో ఎక్కడో నొప్పి అని వీళ్ళ కళ్ళ ముందు వెలగడం దేనికి?" అని, "వస్తా మరి," అని వెళ్ళిపోయింది.

నర్సు తల ఎత్తలేదు. ఆవిడ వెళ్ళడం వింత కాదు గనక.

ఆవిడ అసలు పేరు జీతాల చీటీ మీద ఉండేది. మళ్ళీగారు అన్న పేరు పెద్ద డాక్టరు పెట్టాడు. ఏ విషయమైనా ఒకసారి విని ఊరుకోదు. "మళ్ళీ చెప్పండి" అంటుంది. చెప్పాక, "మీరు చెప్పింది నేను ఇలా అర్థం చేసుకున్నాను" అని తన మాటల్లో తిరిగి అప్పజెప్తుంది. ఓ రోజు డాక్టరు విసుగెత్తి, "మళ్ళీగారూ, మీతో పెళ్ళిచూపులు చూసి ఉంటే పెళ్ళయ్యేసరికి ముసలాళ్ళమైపోయేవాళ్ళం," అన్నాడు. ఆవిడ నవ్వి, "నయం, మీరేమన్నారో మళ్ళీ చెప్పమని అడగలేదు," అంది. అంతే, ఆ పేరు అతుక్కుపోయింది. ఆఖరికి రోగులు కూడా అలాగే పిలిచేవారు.

అది గుండె కవాటాలు మార్పించుకున్నవాళ్ళు వచ్చే క్లినిక్. వాళ్ళలో చాలామంది రక్తం పలచబడే మాత్ర ఏళ్ళ తరబడి వేసుకోవాలి. మోతాదు తగ్గితే కవాటం దగ్గర రక్తం గడ్డ కడుతుంది. ఎక్కువైతే ఎక్కడ పడితే అక్కడ కారుతుంది. అందుకని రక్తపరీక్ష చేసి మోతాదు మారుస్తూ ఉంటారు. ఇంటికి వెళ్ళాక సందేహం వస్తే ఒక ఫోను నెంబరుకి మెసేజ్ పెట్టమంటారు. ఆ మెసేజ్‌లు చదివేది మళ్ళీగారు. చదివి, విషయం తేల్చుకుని, నర్సుకి చెప్పాలి. ఏం చేయాలో నర్సు, డాక్టరు చెప్తారు. వైద్యం విషయంలో ఆవిడ ఒక్క ముక్క కూడా సొంతంగా చెప్పేది కాదు. "నాది చెవి మాత్రమే, నోరు మీది," అనేది.

అంతకుముందు ఆవిడ టైపు షాపులో ఇరవై ఏళ్ళు దరఖాస్తులు కొట్టింది. షాపు మూతపడ్డాక తమ్ముడి ఇంట్లో ఉంటూ ఇక్కడ చేరింది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "అడిగినవాడిని మళ్ళీ అడగమన్నాను, రాలేదు," అనేది. అది నిజమో హాస్యమో నర్సుకి ఎప్పుడూ తేలలేదు.

నర్సు వార్డులో నడుము నొప్పి వచ్చి ఈ గదికి మారింది. చేరిన కొత్తలో ఆ మెసేజ్‌లు చూస్తే ఆవిడకి చిరాకు పుట్టుకొచ్చేది. తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యమధ్య ఇంగ్లీషు మాటలు, చుక్కలు లేవు, కామాలు లేవు. ఒకరు ఒకలా రాస్తే ఇంకొకరు ఇంకోలా రాస్తారు.

"ఇది తెలుగేనా అక్కా? తెలుగుకి జ్వరం వచ్చినట్టుంది."

"జ్వరం వచ్చింది రాసినవాడికి," అనేది మళ్ళీగారు. "తెలుగు బాగానే ఉంది. చదవడం కాదు, విను." అని తెర మీద కళ్ళు పెట్టి, పెదాలు కదుపుతూ, రాసినవాళ్ళ గొంతులో గొణిగేది. దూరంనుంచి చూసినవాళ్ళు ఆవిడ ఏదో జపం చేస్తోందనుకునేవారు. గొణిగితే ఎక్కడ ఆగాలో తెలుస్తుంది, భయపడ్డారో, వేళాకోళం చేస్తున్నారో తెలుస్తుంది, అనేది.

ఒకసారి నర్సు ఓపిక లేక, ఒక మెసేజ్‌ను తన సొంత ఫోనులోకి పంపుకుని, ఊరికే దొరికే అనువాదం సైటులో అతికించబోయింది. మళ్ళీగారు చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఎవరో ఆవిడ నెలసరి సంగతి మనల్ని నమ్మి రాసింది. దాన్ని ముక్కూ మొహం తెలియనివాళ్ళ కంప్యూటర్లో పడేస్తావా?"

"పేరు తీసేస్తానుగా."

"పేరు తీసేస్తే మనిషి ఉండదా? ఆ ఊరు, ఆ ఆపరేషను, ఆ వయసు అన్నీ అందులోనే ఉన్నాయి. అయినా ఆ సైటు నున్నగా ఇంగ్లీషు చేసి ఇస్తుంది. నున్నగా ఉన్నదాన్ని ఎవరూ మళ్ళీ అడగరు. నాకు ఆ నునుపంటేనే భయం. తెలియకపోతే రాసినవాళ్ళనే అడుగుదాం. తీసెయ్, నీ ఫోనులోంచి కూడా తీసెయ్."

నర్సు మొహం ముడుచుకుని తీసేసింది. ఆ రోజంతా మాట్లాడలేదు. సాయంత్రం మళ్ళీగారే రెండు గ్లాసుల్లో టీ తెచ్చి, చక్కెర లేనిది ఆవిడ ముందు పెట్టి, "కోపం వచ్చిందా, లేక నేను అలా అర్థం చేసుకున్నానా?" అంది. నర్సుకి నవ్వు ఆగలేదు.

ఆవిడకి కొన్ని పట్టుదలలు ఉండేవి. రాసినవాళ్ళు ఏ అక్షరాల్లో రాస్తే ఆ అక్షరాల్లోనే బదులివ్వాలి. వాళ్ళు వచ్చిన గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడాలి, అనేది. 'రెండు వేసుకున్నారు, అవునా?' అని అడగకూడదు. క్లినిక్ వాళ్ళు అడిగారంటే జనం మర్యాదకి అవునంటారు. 'ఏది, ఎప్పుడు, ఎన్ని, మీరే చెప్పండి' అని అడగాలి. అన్నిటికన్నా ముఖ్యం, కొత్తగా చేరిన ప్రతి రోగినీ ఇంటికి పంపేముందు పక్కకి కూర్చోబెట్టి, ఒక ప్రశ్న, దానికో జవాబు ఎంచుకోమనేది. "ఫోను మీదే గానీ పట్టుకునే చేతులు నాలుగుంటాయి. మీతోనే మాట్లాడుతున్నానని నాకు తెలియాలి కదా. మీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియనిది ఏదన్నా చెప్పండి. తేలికైనది." ఒకాయన భార్యకి తెలియకుండా దాచుకున్న చుట్టల సంగతి చెప్పాడు. ఒకావిడ చిన్నప్పటి మేకపిల్ల పేరు చెప్పింది. ఆవిడ వాటిని ఎక్కడా రాసేది కాదు, అన్నీ తలలోనే.

"ఇదంతా చాదస్తం," అనేది నర్సు. నిజంగానే కొందరు విసుక్కునేవారు కూడా. "నేను రాసింది మీకు అర్థం కాలేదా? చదువుకున్న మనిషిని పెట్టమనండి," అని ఒకాయన ఫోనులో అరిచాడు. మళ్ళీగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ, "అలాగేనండి, అప్పటిదాకా ఒక్కసారి చెప్పండి," అంది. ఆయన సంగతిలో ఆవిడ అడగాల్సింది ఏమీ లేదని తర్వాత తేలింది. ఆవిడ అడిగినవాటిలో పదింట తొమ్మిది అలాంటివే.

పదోది గడియారాల తాతది.

ఆయన రోడ్డు మలుపులో గడియారాలు బాగుచేసే కొట్టు నడిపేవాడు. కవాటం మార్చాక కొట్టు ఇంట్లోకే మార్చాడు. కోడలూ ఆయనా ఒకే ఫోను వాడేవారు. ఆయనకి మెసేజ్‌లు రాయడం సరదా. నెలకోసారి ఏదో ఒకటి రాసేవాడు. "Madam gaaru mee clinic wall clock slow undi, nenu vachi set chestha" అని కూడా ఒకసారి రాశాడు.

రక్తపరీక్షలో మోతాదు చాలలేదని ఆ వారం డాక్టరు ఆయన మాత్ర మార్చాడు. పాతది మానేసి, ఇంకొంచెం ఎక్కువ మోతాదున్న కొత్తది వేసుకోమన్నాడు. కొన్నాళ్ళకి, మధ్యాహ్నం వేళ ఆయన మెసేజ్ వచ్చింది.

"Namaskaram madam. Kotha tablets start chesanu. Paathavi complete chestunna, waste enduku ani. Brush chesthe konchem blood vasthondi. Normal ena?"

మళ్ళీగారు దాన్ని రెండుసార్లు గొణిగింది. ఆ మధ్యే క్లినిక్‌లో కొత్త కంప్యూటర్ ఏర్పాటు ఒకటి వచ్చింది. అది క్లినిక్ లోపలిదే, బయటికి ఏదీ పోదు. వచ్చిన ప్రతి మెసేజ్‌కీ చక్కని ఇంగ్లీషులో సారాంశం ఇస్తుంది. అందులో పాత మాత్రలు పూర్తయ్యాయనీ, కొత్తవి మొదలెట్టాడనీ, చిగుళ్ళనుంచి కొద్దిగా రక్తమనీ ఉంది.

"పాతవి అయ్యాక కొత్తవి మొదలెట్టాడు. వరస సరిగ్గానే ఉంది కదక్కా?" అంది నర్సు ఆ సారాంశం చూసి.

"కావచ్చు. లేదా రెండూ కలిపి వేసుకుంటున్నాడేమో. ఆయన గొంతులో వింటే రెండు రకాలుగానూ వినబడుతోంది."

నర్సు గబుక్కున కుర్చీ ముందుకు జరుపుకుంది. "కలిపి వేసుకుంటే ప్రమాదం. ఇప్పుడే అడుగు. మనం చెప్పేదాకా తర్వాతది వేసుకోవద్దని కూడా రాయి."

మళ్ళీగారు ఆయన అక్షరాల్లోనే రాసింది. 'తాతగారూ, నిన్నా మొన్నా ఏ మాత్రలు, ఏ వేళకి, ఎన్నెన్ని వేసుకున్నారో మీ మాటల్లో చెప్పండి. మేము చెప్పేదాకా తర్వాతది వేసుకోకండి.' అని.

కాసేపటికి జవాబు వచ్చింది. "Old tablets are completed. Taking only new one daily. Bleeding is very little. Thank you."

నర్సు ఊపిరి వదిలింది. ఆ ఏర్పాటులో జవాబు రాగానే పక్కన 'సరిచూశాం' అన్న బొత్తాం పచ్చగా వెలుగుతుంది. నర్సు దాన్ని నొక్కేసింది. మెసేజ్ జాబితాలోంచి మాయమైంది.

"తీసెయ్యకు," అంది మళ్ళీగారు.

"జవాబు వచ్చింది కదా. ఇంతకన్నా స్పష్టంగా ఎలా వస్తుంది?"

"అదే. ఇంత స్పష్టంగా ఆయన ఎప్పుడు మాట్లాడాడు? నమస్కారం లేదు, మేడం లేదు, ఒక్క తెలుగు ముక్క లేదు. ఇది ఆయన మాట కాదు. ఎవరో వేరేవాళ్ళు ఇచ్చారు."

"ఇస్తే ఇచ్చారు. ఇంట్లోవాళ్ళే కదా. అబద్ధం చెప్తారా?"

"అబద్ధం కాకపోవచ్చు. వాళ్ళకి తెలిసినంతే వాళ్ళు చెప్తారు. మనం అడిగింది ఆయన్ని." అని ఆవిడ మాయమైన మెసేజ్‌ను మళ్ళీ తెరిపించింది. "మెసేజ్‌లో 'మీరెవరు' అని అడగలేను, ఫోను ఎవరి చేతిలో ఉందో. మాట్లాడతాను."

ఫోను ఎత్తింది కోడలే. మళ్ళీగారు నర్సుకి కూడా వినబడేలా స్పీకరు పెట్టి, తలుపు మూసింది.

"క్లినిక్ నుంచమ్మా. తాతగారిని ఒకసారి పిలుస్తారా?"

"మామయ్యగారు పడుకున్నారండి. మీ మెసేజ్‌కి నేనే జవాబిచ్చాను. అన్నీ బాగానే ఉన్నాయి. పాత మాత్రలు అయిపోయాయి, ఖాళీ అట్ట నేనే పారేశాను."

"మంచిపని చేశారమ్మా. ఒక్క మాట ఆయనతో మాట్లాడి పెట్టేస్తాను."

"ఇంకేమన్నా రాశారా మీకు? రక్తం అని మెసేజ్‌లో చూశాను. నాకైతే ఏమీ చెప్పలేదు."

నర్సు నోరు తెరవబోయింది. మళ్ళీగారు వేలు అడ్డంగా ఊపింది.

"మేము అందరితోనూ మాట్లాడతామమ్మా. అలవాటు. కొంచెం లేపండి. మళ్ళీగారు పిలుస్తోందని చెప్పండి, తిట్టుకుంటూనైనా లేస్తారు."

కోడలు నవ్వుతూ వెళ్ళింది. మంచం కిర్రుమన్న చప్పుడు. తర్వాత తాత గొంతు, మామూలుకన్నా పల్చగా.

"ఏం తల్లీ, మళ్ళీ వచ్చావా?"

"వచ్చాను తాతగారూ. మీ ఇంట్లో గోడ గడియారం టైం ఎంతయింది?"

అది ఆయన ఎంచుకున్న ప్రశ్న. అవతల చిన్న నవ్వు. "నడిస్తే కదా టైం చెప్పేది. ఊళ్ళో గడియారాలన్నీ నడిపించాను, నా ఇంట్లోది ఆపేసి కూర్చున్నాను. మా ఆవిడ పోయిన రోజు నేనే ఆపాను. ఇంట్లోవాళ్ళు చెడిపోయిందనుకుంటారు."

మళ్ళీగారు ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. "సరే. గదిలో మీరొక్కరే ఉన్నారా?"

"ఆఁ. అది వంటింట్లోకి పోయింది."

"నిన్న రాత్రి ఏం వేసుకున్నారో చెప్పండి. నేనేమీ అనను."

"కొత్తది వేసుకున్నాను. ఆ పైన పాతది ఒకటి. పాతవాటిలో ఒక అట్ట గడియారం ముళ్ళ డబ్బాలో పెట్టుకున్నానులే, అది చూస్తే పారేస్తుందని. బంగారంలాంటి మాత్రలు, పారేయడం ఎందుకు? మీకు రాశాను కదా."

"రాశారు. నేను ఇలా అర్థం చేసుకున్నాను. రోజూ కొత్తది ఒకటి, పాతది ఒకటి, రెండూ కలిపి. సరిగ్గా విన్నానా? తప్పైతే మీరే దిద్దండి."

"అంతే తల్లీ. వారం నుంచి."

మళ్ళీగారు ఫోను నర్సు చేతికి ఇచ్చింది. ఇక్కడినుంచి నోరు నర్సుది. నర్సు తలనొప్పి గురించి అడిగింది, పడిపోయారా అని అడిగింది, ఒంటి మీద మచ్చల గురించి అడిగింది. ఏమీ లేవన్నాడు. ఆ తర్వాత విరేచనం ఏ రంగులో అవుతోందని అడిగింది. అవతల తాత గొంతు తగ్గించాడు.

"నల్లగా తారులా. రెండు రోజులైంది. నీరసంగా ఉంది, అందుకే పడుకున్నాను. ఇది రాయడానికి సిగ్గేసింది."

పొట్టలో రక్తం కారుతోంది. నర్సు అప్పటికే రెండో చేత్తో డాక్టరు గది బెల్లు నొక్కింది. "తాతగారూ, ఇక ఏ మాత్రా వేసుకోవద్దు. బండి పంపిస్తున్నాం. మీ కోడలికి చెప్పమంటారా, మీరు చెప్తారా?"

"నువ్వే చెప్పు. నేను చెప్తే తిడుతుంది."

అప్పుడు చెప్పింది నర్సు. కోడలు తిట్టలేదు. ముళ్ళ డబ్బా తెరిచి చూసి ఏడ్చింది. "నేను పారేసింది చూశాను కదండీ, అందుకే అయిపోయాయని రాశాను," అని అదే మాట మూడుసార్లు అంది. ఆ సాయంత్రం ఆయన రక్తపరీక్ష ఫలితం చూసి డాక్టరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. విరుగుడు మందూ, రక్తమూ ఎక్కించారు. వారం తర్వాత తాత నడిచి ఇంటికి వెళ్ళాడు. ఆ కోడలికి మళ్ళీగారు ఒకటే చెప్పింది. "మీరు తప్పు రాయలేదమ్మా. మీకు తెలిసింది రాశారు. ఈసారి మాత్రం, 'నేను కోడలిని, నేనే రాస్తున్నాను' అని ముందు పెట్టండి, చాలు."

ఆ రోజు నుంచి 'సరిచూశాం' బొత్తాం నొక్కే ముందు 'ఎవరితో?' అని ఒక గడి పెట్టించాడు డాక్టరు. నర్సు చాదస్తం అన్న మాట మళ్ళీ వాడలేదు. అయితే టీ తాగుతూ, "అక్కా, నన్ను కూడా ఓ ప్రశ్న ఎంచుకోమంటావేమో," అని ఏడిపించేది. "నువ్వు రోగివా? అయినప్పుడు చూద్దాం," అనేది మళ్ళీగారు.

ఫోను బోర్లించి వెళ్ళిన సాయంత్రానికి మర్నాడు, నర్సే ముందు వచ్చింది. చేతిరుమాలు తీసి ఫోను తిప్పింది. కొత్త నెంబరు నుంచి ఒక మెసేజ్ ఉంది.

"Akka no more. Nidra lone poyindi. Office lo cheppandi. Thammudu."

నర్సు దాన్ని గొణిగింది. మళ్ళీ గొణిగింది. ఎక్కడ ఆపి చదివినా ఒకేలా వినబడింది. ఏ అక్క, ఎవరి తమ్ముడు, ఎవరి ఫోను? నెంబరు కొత్తది. తప్పు నెంబరుకి పంపి ఉండొచ్చు. ఆవిడ కూర్చుని ఆ నెంబరుకి ఫోను చేసింది. మగగొంతు పలికింది.

"క్లినిక్ నుంచండి. మీరు ఒక మెసేజ్ పెట్టారు. మీరు రాసింది నేను... నేను ఇలా అర్థం..."

ఆ వాక్యం పూర్తి చేయలేకపోయింది. అవతలి మనిషి దాన్ని గుర్తుపట్టాడు. "మా అక్క మాటండీ అది," అని భోరుమన్నాడు. ఇంకేమీ అడగనక్కర్లేకపోయింది.

ఆవిడ కుర్చీలోకి నర్సు మారింది. నర్సు కుర్చీలోకి వార్డునుంచి ఇంకొకరు వచ్చారు. మళ్ళీగారితోపాటే అందరి ప్రశ్నలూ వెళ్ళిపోయాయి, అవి రాసిపెట్టలేదు గనక. ఒక్కొక్కరినీ పిలిచి మళ్ళీ మొదటినుంచి అడగాల్సి వచ్చింది. చాలామంది పాతదే చెప్పారు. మేకపిల్ల ఆవిడ, "ఇంకెవరికీ చెప్పబుద్ధి కావడం లేదు," అని కొత్తది ఎంచుకుంది.

గడియారాల తాత పరీక్షకి వచ్చినప్పుడు తలుపు మూసి ఆయన్నీ అడిగింది. ఆయన తన ప్రశ్నా జవాబూ చెప్పాడు. చెప్పి లేవకుండా కూర్చున్నాడు. గ్లాసులో టీ వచ్చింది. నర్సు తాగడం మొదలుపెట్టింది.

"ఆవిడది కూడా ఒకటి నా దగ్గరుంది," అన్నాడు తాత.

"ఎవరిది?"

"మళ్ళీ తల్లిది. బండిలోంచి దించినప్పుడు అడిగాను. నన్ను గుర్తుపట్టడానికి నీకో ప్రశ్న ఉంది, మరి నీ పేరు చెప్పి ఎవరన్నా నాకు ఫోను చేస్తే నేనెలా గుర్తుపట్టాలి అని. న్యాయమే కదా అని, తనూ ఒకటి చెప్పింది."

"ఏం చెప్పింది?"

"మీ పక్క కుర్చీ నర్సమ్మ టీలో చక్కెర ఎంత వేసుకుంటుంది అని అడగమంది."

నర్సు చిన్నగా నవ్వింది. "అదేం ప్రశ్న తాతగారూ? క్లినిక్‌లో అందరికీ తెలుసు. నేను అసలు వేసుకోను."

"అలా చెప్తే అది వేరే మనిషి అని పెట్టేయమంది," అన్నాడు తాత. "ఆవిడైతే ఇలా చెప్పాలట. చక్కెర మానేసి నాలుగేళ్ళయినా, రోజూ ఆ చక్కెర లేని టీలో చెంచా వేసి తిప్పుకుంటూనే ఉంటుంది. ఆ సంగతి తనకే తెలియదు, చెప్పకండి, అని."

నర్సు కిందికి చూసింది. చెంచా ఆవిడ చేతిలోనే ఉంది, గ్లాసులో తిరుగుతూ ఉంది.